మూడు చుక్కల వెనుక మడతపడిన మెయిళ్లు

“ఫోనులో జీమెయిల్ తెరిస్తే పాత సంభాషణంతా మూడు చుక్కలుగా మారిపోయింది. పాత మెయిళ్లు పోయినట్టేనా? మొదటి నుంచి చదవాలంటే ఏం చేయాలి?”

పోలేదండీ, మడతపెట్టి ఉన్నాయి. జవాబు రాసిన ప్రతిసారీ అంతకుముందు మెయిల్ మొత్తం దాని అడుగున అతుక్కుని వెళ్తుంది. పది జవాబులయ్యేసరికి మొదటి మెయిల్‌కు పది నకళ్లు తయారవుతాయి. ఇదివరకే వచ్చిందని గుర్తుపట్టిన భాగాన్ని జీమెయిల్ చుక్కల వెనక్కి నెడుతుంది.

నేను ఆ చుక్కలను పట్టించుకోక వారం రోజులు పోగొట్టుకున్నాను. ఇల్లు కడుతున్నప్పుడు కాంట్రాక్టరుకు ఆరు ప్రశ్నలు పంపితే, “కింద రాశాను, చూడండి” అని ఒక్క వాక్యం వచ్చింది. కింద చూస్తే ఏమీ లేదు. చివరికి ఫోను చేస్తే, “ప్రతి ప్రశ్న కిందా జవాబు ఇచ్చాను కదండీ, మెట్ల ఎత్తు ఆరు అంగుళాలని కూడా రాశాను” అన్నాడు. నా పాత మెయిల్ మధ్యలో ఇరికించి రాసిన ఆ జవాబులు కూడా నకలుతో పాటే మడతలోకి వెళ్లిపోయాయి. అప్పటి నుంచి మెయిల్ మరీ పొట్టిగా కనిపిస్తే ముందు చుక్కలనే నొక్కుతున్నాను.

నొక్కాల్సినవి మెయిల్ చివర అడ్డంగా ఉండే చుక్కలు. పైన ఉండేవి మెనూవి. సంభాషణ మధ్యలో ఒక అంకె మాత్రమే కనిపిస్తే, ఆ అంకె ఎంతో అన్ని మెయిళ్లు అక్కడ ముడుచుకుని ఉన్నాయని అర్థం. దాన్ని తాకి, ఒక్కొక్క మెయిల్‌నూ విప్పుకోవాలి. అడుగున View entire message అని ఉంటే అది వేరే సంగతి: మెయిల్‌లోని పాఠం సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడికి కోసేస్తుంది. ఆ లింకు నొక్కితే మిగతాది వస్తుంది. తెలుగులో రాసుకునేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్క ‘క’కే మూడు కావాలి. అందుకే తెలుగు మెయిల్ ఆ హద్దును త్వరగా దాటుతుంది.

చరిత్రంతా ఒకేచోట కావాలంటే కంప్యూటర్‌లో Print all నొక్కుదామనిపిస్తుంది. నేనూ అదే చేశాను. కాగితం నిండా [Quoted text hidden] అని వచ్చింది. దానికన్నా ఆఖరి మెయిల్ ఒక్కదాన్నే తెరిచి, దాని మెనూలో ఉన్న Print నొక్కి పీడీఎఫ్‌గా దాచుకోండి. అడుగున అతుక్కున్న పాత మెయిళ్లు కూడా అందులో వస్తాయి. మధ్యలో ఎవరైనా పాతభాగాన్ని చెరిపేసినా, వెనకటి మెయిల్‌కు విడిగా జవాబిచ్చినా ఆ ముక్క ఇందులో ఉండదు. దాన్ని విడిగా వెతుక్కోవాలి. జోడించిన ఫైళ్లు కూడా జవాబులతో వెంట రావు. మా ఇంటి ప్లాను మొదటి మెయిల్‌లోనే దొరికింది.