బ్రెడ్‌బోర్డ్ మీద ఆడిన సర్క్యూట్ పీసీబీ మీద ఎందుకు ఆడదు?

ఎక్కువసార్లు తప్పు సర్క్యూట్‌ది కాదు, ఫుట్‌ప్రింట్‌ది: బోర్డు మీది ప్యాడ్ల వరుస, చేతిలో ఉన్న పార్ట్ కాళ్ల వరుస కలవవు.

బ్రెడ్‌బోర్డ్‌లో వైరు పీకి మార్చుకుంటాం, బోర్డు మీద రాగి గీత కదలదు. ఉదాహరణకు బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో 2N3904 ట్రాన్సిస్టర్ పెట్టి గీశారు, బెంగళూరు ఎస్పీ రోడ్డులో BC547 దొరికింది. చదును ముఖం మనవైపు ఉంటే మొదటిదాని కాళ్లు ఎడమనుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్; రెండోదానివి సరిగ్గా తిరగేసి. అలాగే అతికిస్తే గెయిన్ బాగా పడిపోయి, ఆ ట్రాన్సిస్టర్ నడిపే రిలే సరిగా లాగదు. అదృష్టం, బేస్ మధ్యలోనే ఉంది కాబట్టి ట్రాన్సిస్టర్‌ను వెనక్కి తిప్పి పెడితే చాలు. ఐసీకైతే ఈ వెసులుబాటు లేదు.

సాఫ్ట్‌వేర్ బోర్డు గీతలపై చేసే తనిఖీ, డీఆర్‌సీ, పాసైతే బోర్డు సరైనదేనని చాలామంది అనుకుంటారు. అది గీతల మధ్య ఎడం లాంటివే చూస్తుంది, మీరు కొన్న పార్ట్ దానికి తెలియదు. ఆర్డర్‌కు ముందు లేఅవుట్‌ను అసలు సైజులో కాగితంపై ప్రింట్ తీసి, పార్టులు గుచ్చి, డేటాషీట్‌తో కాళ్లు సరిచూడండి.