రెండు స్కేళ్ల చార్టులో కలిసి నడిచే గీతలను నమ్మవచ్చా?

ప్రశ్న: మా ఆఫీసు సమావేశంలో ఒక చార్టు చూపించారు. ఎడమ పక్క ఒక స్కేలు, కుడి పక్క ఇంకో స్కేలు, రెండు గీతలూ దాదాపు అతుక్కుని పైకి వెళుతున్నాయి. అంటే ఒకదాని వల్ల మరొకటి పెరుగుతున్నట్టేనా?

జవాబు: ఆ చార్టు ఒక్కదాన్నే చూసి అలా అనుకోవద్దు. ఇలాంటి చార్టు వల్ల విశాఖపట్నం మధురవాడలోని మా అపార్టుమెంటులో నీళ్లకే కోత పడబోయింది.

వేసవిలో మా బోరులో నీరు తగ్గుతుంది, ట్యాంకర్లు తెప్పిస్తాం. జనవరి నుంచి జూన్ దాకా నెలవారీగా 20, 24, 30, 38, 44, 40 ట్యాంకర్లు వచ్చాయి. మోటారు, లిఫ్టు, మెట్ల దీపాలకు కలిపి వచ్చే కరెంటు బిల్లు అవే నెలల్లో 41,200, 41,900, 42,000, 42,100, 42,600, 42,500 రూపాయలు. కమిటీ సభ్యుడొకరు ఈ రెండింటినీ ఒకే చార్టులో గీసి తెచ్చారు. గీతలు జంటగా ఎక్కుతున్నాయి. ‘ట్యాంకర్ల నీళ్లను పైకి తోడడానికే బిల్లు ఇంత పెరిగింది, ఇకపై వాటిని సగానికి తగ్గిద్దాం’ అన్నారాయన. అయిదో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ ముఖం చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని అంచుల్లో ఉన్న అంకెలు చదివాను.

ఎడమ అక్షం 0 నుంచి 50 ట్యాంకర్ల దాకా ఉంది. కుడి అక్షం మాత్రం 40,500 దగ్గర మొదలై 43,000 దగ్గర ఆగింది. ఆయన కావాలని చేసింది కాదిది. అంకెలన్నీ బాగా దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఎక్సెల్ తనంతట తానే సున్నాను వదిలేసి, ఉన్న కొద్దిపాటి తేడాను సాగదీసి చూపిస్తుంది. ఫలితం ఏమిటంటే, 24 ట్యాంకర్ల పెరుగుదల చార్టు ఎత్తులో సుమారు సగం ఆక్రమించింది. 1,400 రూపాయల పెరుగుదల సగాన్ని మించి ఆక్రమించింది. నిజానికి జనవరి నుంచి మే నాటికి ట్యాంకర్లు రెట్టింపు దాటాయి, బిల్లు 3.4 శాతమే పెరిగింది. కుడి అక్షాన్ని కూడా సున్నా నుంచి గీస్తే బిల్లు గీత పైన దాదాపు బల్లపరుపుగా పడుకుంటుంది. రెండు గీతలు ఎంత దగ్గరగా కనిపించాలో, ఎక్కడ ఒకదాన్నొకటి దాటాలో తేల్చేది ఆ అక్షాల హద్దులే. అందుకే అలాంటి చార్టులో గీతలు కలుసుకున్న చోటుకు ఏ అర్థమూ లేదు. ఒక పక్క ట్యాంకర్లు, మరో పక్క రూపాయలు. అవి సమానం కావడం ఏమిటి?

నేను రెండింటికీ జనవరిని 100గా పెట్టి మళ్లీ గీశాను. మే నెలకు ట్యాంకర్లు 220కి చేరాయి, బిల్లు 103.4 దగ్గర ఉంది. సమావేశంలో ఆ కాగితం చూపగానే సగం వాదన ఆగిపోయింది.

మిగతా సగం కష్టమైనది. ఆ సభ్యుడు ఎక్సెల్‌లోనే, రెండు వరుసలు ఎంత కలిసి కదులుతున్నాయో చెప్పే సహసంబంధ గుణకాన్ని `CORREL`తో లెక్కవేసి 0.92 చూపించారు. ఆ అంకె 1కి ఎంత దగ్గరైతే అవి అంత గట్టిగా కలిసి నడుస్తున్నట్టు. అది తప్పు లెక్క కాదు. ఆ గుణకానికి అక్షాల హద్దులతో పని లేదు, స్కేలు ఎలా మార్చినా అదే అంకె వస్తుంది. కానీ వేసవి ముదిరేకొద్దీ పెరిగే ఏ రెండు విషయాలను తీసుకున్నా అంకె ఎక్కువగానే వస్తుంది. ఎండాకాలంలో నీటి వాడకం పెరుగుతుంది, సెలవులకు వచ్చిన బంధువులతో లిఫ్టు ఎక్కువ తిరుగుతుంది, బోరు ఎండి ట్యాంకర్లు వస్తాయి. అన్నింటి వెనుకా ఉన్నది ఒకే ఎండ.

అందుకని నెలకు నెలకు మధ్య తేడాలు చూశాం. ట్యాంకర్లు అన్నిటికన్నా ఎక్కువగా, ఎనిమిది, పెరిగింది మార్చి నుంచి ఏప్రిల్‌కు. అప్పుడు బిల్లు పెరిగింది 100 రూపాయలే. బిల్లు ఒక్కసారిగా 700 పెరిగిన ఫిబ్రవరిలో ట్యాంకర్లు పెరిగింది నాలుగే. ఒకటి రెండోదాన్ని లాగుతూ ఉంటే అడుగులు ఇలా తేడాగా పడవు. అయితే అయిదు తేడాలతో సంబంధమే లేదని కూడా తేల్చలేం. ట్యాంకరు నీళ్లు సంపు నుంచి పైకి ఎక్కాలంటే మోటారు తిరగాల్సిందే కదా. దాని వాటా ఎంతో తెలియాలంటే మోటారుకు వేరే మీటరు ఉండాలి. ట్యాంకర్ల కోత మాని, మీటరు పెట్టించాలని కమిటీ ఒప్పుకుంది.

మీ చార్టును తెచ్చినవారిని అసలు అంకెల పట్టిక అడగండి. రెండు అక్షాల కింది, పై హద్దులు చదివి, మొదటి నెలతో పోలిస్తే ఏది ఎంత శాతం మారిందో కాగితం మీద వేయండి. ఆ తర్వాత గీతలను విడదీసి, ఒకే నెలల వరుస మీద ఒకదాని కింద ఒకటిగా రెండు చార్టులు గీయించండి. అప్పుడు ఎత్తుపల్లాలు ఏ నెలలో వచ్చాయన్నది పోల్చి చూడవచ్చు, గీతలు అతుక్కున్నట్టు మాత్రం కనిపించవు. రెండు అక్షాలు నిజంగా తగిన చోటు నాకు తెలిసి ఒకటే: ఒకే ఉష్ణోగ్రతను ఒక పక్క సెల్సియస్‌లో, మరో పక్క ఫారన్‌హీట్‌లో చూపినట్టు, ఒకే కొలతను రెండు ప్రమాణాల్లో చెప్పినప్పుడు.