విడతలవారీ గృహరుణంలో ప్రీ ఈఎంఐ వడ్డీని సరిచూసుకోవడం

ప్రశ్న: నిర్మాణ దశలను బట్టి బ్యాంకు నా రుణాన్ని విడతలుగా విడుదల చేస్తోంది. రెండో విడత తర్వాత వడ్డీ అనుకున్నదానికంటే ఎక్కువ పడింది. సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: స్టేట్‌మెంటులో కనిపించే వడ్డీ మొత్తం నుంచి వెనక్కి లెక్కకట్టి, బ్యాంకు ఎన్ని రోజులకు వడ్డీ వేసిందో ముందు కనిపెట్టండి. ప్రీ ఈఎంఐ వడ్డీ, అంటే పూర్తి నెలవారీ వాయిదాలు మొదలయ్యే వరకు కట్టే వడ్డీ, మంజూరైన మొత్తం మీద కాక, విడుదలైన మొత్తం మీద మాత్రమే పడాలి కాబట్టి, తేడా ఎక్కువగా రోజుల లెక్కలోనే దొరుకుతుంది.

ఉదాహరణకు నా సొంత రుణాన్నే తీసుకుంటే, దాని వడ్డీ రేటు 9 శాతం. మొదటి విడత 8 లక్షలు జూన్‌లోనే విడుదలయ్యాయి. రెండో విడత 10 లక్షల చెక్కు మీద జులై 18 తేదీ ఉన్నా, అది బిల్డరుకు అందింది జులై 27న. జులై నెలకు నా ఖాతాలో పడిన వడ్డీ 9,567 రూపాయలు. ఏడాదికి 365 రోజుల లెక్కన 8 లక్షలకు 31 రోజుల వడ్డీ 6,115 రూపాయలు. అది తీసేస్తే రెండో విడతకు మిగిలేది 3,452. పది లక్షలకు రోజు వడ్డీ సుమారు 246.58 రూపాయలు గనుక, 3,452ను దానితో భాగిస్తే సరిగ్గా 14 రోజులు వచ్చాయి. అంటే చెక్కు మీది తేదీ నుంచే వడ్డీ వేశారన్నమాట. చెక్కు అందిన రోజు నుంచి లెక్కిస్తే 5 రోజులకు 1,233 రూపాయలే పడాలి. 2,219 రూపాయలు అదనంగా పడ్డాయి. ఈ భాగహారంలో 31 వచ్చి ఉంటే, నెల మధ్యలో ఇచ్చిన డబ్బుకు నెలంతా వడ్డీ వేశారని అర్థం.

ఈ రెండు పద్ధతులూ తమ తనిఖీల్లో బయటపడ్డాయని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 29 నాటి సర్క్యులర్‌లో పేర్కొని, అవి న్యాయమైనవి కావని స్పష్టంగా చెప్పింది. కాబట్టి అర్జీలో ఆ తేదీని ప్రస్తావించడం చాలా ఉపయోగపడుతుంది. నేను బిల్డరు ఇచ్చిన రశీదు నకలును, పై లెక్కను జతచేసి రుణమిచ్చిన బ్యాంకు శాఖకు రాతపూర్వకంగా ఇచ్చాను. అదనపు మొత్తం తిరిగి జమైంది. రశీదు లేకుండా మాటగా అడిగితే చెక్కు ఎప్పుడు అందిందో నిరూపించడం కష్టం, అందుకే ప్రతి విడతకూ దాన్ని అడిగి తీసుకోండి.

ఒక్క రోజు తేడా వస్తే తొందరపడకండి. విడుదలైన రోజును లెక్కలో కలుపుతారా లేదా అన్నది ఒప్పందంలో చూడాలి. నెల మధ్యలో వడ్డీ రేటు మారితే ఆ నెలను రెండు ముక్కలుగా విడదీసి లెక్కించాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.