జర్మనీ ఆఫర్ చేతిలో ఉంది, అమ్మానాన్న భీమవరంలో ఉన్నారు

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఖర్చులు పోను నెలకి 80 వేలు మిగులుతాయి. మ్యూనిక్‌లో ఏడాదికి 68 వేల యూరోల ఆఫర్ వచ్చింది, పది రోజుల్లో జవాబివ్వాలి. నాన్నకి 69. ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి మానేశారు. షుగర్ ఉంది. నిరుడు స్టెంట్ వేశారు, ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత చెప్పారు. అమ్మకి 64, మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ భీమవరంలో ఉంటారు, అక్క బెంగళూరులో. నాన్న "మా గురించి ఆలోచించకు, వెళ్లు" అంటారు. అమ్మ ఏమీ అనదు. రెండు మూడేళ్లలో వాళ్లనీ అక్కడికి తీసుకెళ్లిపోవచ్చని స్నేహితులు అంటున్నారు. వెళ్లాలా, ఉండిపోవాలా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతాను. కానీ ఇలా రాసేవాళ్లందరి మనసులోనూ జీతాల లెక్క వెనక ఇంకో భయం ఉంటుంది. నేను అక్కడుండగా నాన్నకి ఏదైనా అయితే ఎలా అని. ముందు దాని సంగతే చూద్దాం.

హైదరాబాద్ నుంచి భీమవరం దాదాపు 400 కిలోమీటర్లు. అర్ధరాత్రి ఫోనొచ్చి మీరు వెంటనే కారెక్కినా చేరేసరికి ఏడెనిమిది గంటలు పడుతుంది. నాన్నగారికి మూతి వంకర పోయిందనుకోండి, మాట తడబడిందనుకోండి. అది మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్‌ని మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అంతకంటే ముందు సీటీ స్కాన్ తీయాలి. అంటే ప్రాణం మీదికి వచ్చే ఆ కాసిని గంటల్లో, మీరు హైదరాబాద్‌లో ఉన్నా మ్యూనిక్‌లో ఉన్నా, ఆయన పక్కన ఉండేది ఇంకెవరో. నిరుడు జరిగింది కూడా అదే కదా. కాబట్టి ఉద్యోగం కోసం అమ్మానాన్నల్ని వదిలేస్తున్నాననే బరువుని ఈ ఒక్క ఆఫర్ మీద పెట్టుకోకండి. ఊరు దాటింది ఈ పదిరోజుల్లో కాదు.

అందుకని మొదట తేల్చాల్సింది పదిహేను నిమిషాల్లో ఆ ఇంటి తలుపు తట్టగలిగే మనిషి ఎవరని. బంధువు కావచ్చు, కింద వాటాలో అద్దెకున్నవాళ్లు కావచ్చు, నాన్నగారి దగ్గర చదువుకుని ఊళ్లోనే స్థిరపడ్డవాళ్లు కావచ్చు. "అందరూ ఉన్నారు, ఎవరో ఒకరు చూసుకుంటారు" అని మాత్రం అనుకోవద్దు. ఒక మనిషి, ఆ మనిషి ఊళ్లో లేనప్పుడు ఇంకో మనిషి ఉండాలి. ఇద్దరి దగ్గరా ఇంటి తాళంచెవి, మందుల చీటీ, స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ కాగితాల ఫొటో, ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టడానికి కొంత డబ్బు ఉండాలి. రాత్రిపూట సీటీ స్కాన్ తీసి ఆ ఇంజెక్షన్ ఇవ్వగలిగే ఆస్పత్రి భీమవరంలో ఏది, లేకపోతే 108 వాళ్లు ఏ ఊరు తీసుకెళ్తారు అన్నది మీరే స్వయంగా వెళ్లి కనుక్కోండి. ఇదంతా మీరు హైదరాబాద్‌లో ఉండిపోయినా చేయాల్సిందే.

ఇక మ్యూనిక్ వల్ల నిజంగా మారేది ఆ తర్వాతి రోజులు. ఆస్పత్రిలో వారం, ఇంటికొచ్చాక నెల. అక్కడి నుంచి గుమ్మం నుంచి గుమ్మానికి దాదాపు ఒక రోజు ప్రయాణం. రాగలరా అన్నదానికంటే వచ్చి ఉండగలరా, మళ్లీ ఇబ్బంది లేకుండా తిరిగి వెళ్లగలరా అన్నది చూడాలి. ఈ విషయంలో జర్మనీ మీకు మంచిదే. మీలాంటి విదేశీ నిపుణులు అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి పేరు బ్లూ కార్డు. అది ఉన్నవాళ్లు వరసగా పన్నెండు నెలల వరకు యూరప్ బయట ఉన్నా ఆ కార్డు పోదు. అమెరికాలో హెచ్1బి మీద ఉండి, పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు దాటిపోయి, వస్తే మళ్లీ వెళ్లగలమో లేదో అని తండ్రి ఆపరేషన్‌కి కూడా రాలేక నలిగిపోయేవాళ్లతో ఏళ్లుగా మాట్లాడుతున్నాను. మీకు ఆ బాధ తక్కువ. వీసా అయిపోయి కార్డు ఇంకా చేతికి రాని మధ్యకాలంలో మాత్రం జాగ్రత్త. ఆ సమయంలో ప్రయాణం పెట్టుకుంటే, తిరిగి రానిచ్చే తాత్కాలిక పత్రం అక్కడి విదేశీయుల కార్యాలయం నుంచి ముందే తీసుకుని బయల్దేరండి.

కార్డు ఒప్పుకున్నంత మాత్రాన కంపెనీ ఒప్పుకుంటుందని కాదు. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకి జర్మనీ చట్టం ప్రకారం కనీస సెలవు ఏడాదికి 20 రోజులు, చాలా కంపెనీలు 30 దాకా ఇస్తాయి. కానీ ఏడాది సెలవు మొత్తం మీద హక్కు వచ్చేది ఆరు నెలలు నిండాకే. సాధారణంగా ప్రొబేషన్ కూడా ఆ ఆరు నెలలే, అప్పుడు రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు. అందువల్ల సంతకానికి ముందే రెండు విషయాలు మెయిల్‌లో అడగండి. ఇంట్లో అత్యవసరమైతే జీతం లేని సెలవు ఎన్ని వారాలు ఇస్తారు? ఇండియా నుంచి కొన్నాళ్లు పనిచేయనిస్తారా? రెండోదానికి పన్ను, సామాజిక బీమా చిక్కులు చెప్పి చాలామంది కుదరదంటారు. అన్నా ఫర్వాలేదు, ముందే తెలియడం మంచిది.

ఇప్పుడు మీ స్నేహితులు చెప్పిన మాట. తర్వాత వాళ్లని తీసుకెళ్లిపోవచ్చు అనే ఈ ఆలోచన ఈమధ్య బాగా ఫ్యాషనైంది. నాకు దీనిమీద గట్టి అనుమానాలున్నాయి. చట్టంలో దారి ఉన్నమాట నిజమే. 2024 మార్చి 1 నుంచి మొదటిసారి పర్మిట్ పొందిన నిపుణులు తల్లిదండ్రుల్ని తెచ్చుకోవచ్చు. అయితే వాళ్ల పోషణ, సరిపడా ఇల్లు, ఆరోగ్య బీమా మీరే చూపించాలి. ఆగిపోయేది బీమా దగ్గరే. అక్కడి ప్రభుత్వ బీమాలో భార్యనీ పిల్లల్నీ కుటుంబంగా చేర్చుకోవచ్చు కానీ తల్లిదండ్రుల్ని చేర్చరు. షుగరూ స్టెంటూ ఉన్న 70 ఏళ్ల మనిషికి ప్రైవేటు కంపెనీ పాలసీ ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా ప్రీమియం మీ జీతాన్ని తినేస్తుంది. సందర్శకుల వీసా అయితే 180 రోజుల్లో 90 రోజులే. ఆ ప్రయాణ బీమా సాధారణంగా పాత జబ్బుల చికిత్సకి పనికిరాదు.

అన్నీ కుదిరాయనే అనుకుందాం. పొద్దున్నే పేపరు చేతపట్టుకుని నలుగురితో మాట్లాడుకుంటూ టీ తాగే మాస్టారు, జనవరిలో మంచు పడుతుంటే భాష రాని ఊళ్లో, మీరు ఆఫీసుకెళ్లాక రోజంతా ఏం చేస్తారు? అమ్మగారు ఆ మోకాళ్లతో గడ్డకట్టిన రోడ్డు మీద ఎక్కడికెళ్తారు? ఏడాదికోసారి వేసవిలో రెండు నెలలు రప్పించుకోండి, హాయిగా ఉంటుంది. అక్కడే ఉంచేస్తానన్న లెక్క మీద మాత్రం ఈ ఆఫర్‌కి సరే అనకండి.

ఈ పేరా నాన్నగారికి చదివి వినిపించండి. మాస్టారూ, "మా గురించి ఆలోచించకు" అనడం త్యాగమని మీరు అనుకుంటున్నారు. స్టెంట్ వేయించుకుని రెండు రోజులు దాచారు కదా, దానివల్ల ఇప్పుడు మీరు "బాగానే ఉన్నాను" అంటే అబ్బాయి నమ్మలేకపోతున్నాడు. వాడి టెన్షన్‌లో సగం మీరు పెట్టిందే. మీరు నిజంగా వాడు వెళ్లాలనుకుంటే, మూడు నెలలకోసారి రక్తపరీక్షల రిపోర్టు మంచిదైనా చెడ్డదైనా అదేరోజు పిల్లలిద్దరికీ పంపండి. అమ్మగారి మౌనాన్ని కూడా ఒప్పుకున్నట్టు లెక్కేయకండి. ఆవిడకి ఏం కావాలో ఎదురుగా కూర్చుని అడగండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఫోన్లో "మందులు వేసుకున్నారా?" అంటే "ఆఁ, వేసుకున్నా" అనే జవాబే వస్తుంది. ఆదివారం వీడియో కాల్‌లో మాత్రల షీటు కెమెరా ముందు పెట్టమనండి. ఈపాటికి అయిపోవాల్సిన మాత్ర ఇంకా అలాగే కనబడితే తెలిసిపోతుంది. స్టెంట్ వేసినవాళ్లకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది, అందుకని ఆ ఒక్క షీటైనా తప్పక చూడండి.

జీతాల పోలికకి నేనిచ్చే చోటు ఇంతే. 68 వేల యూరోల్లో పన్నులూ బీమాలూ పోగా ఒంటరి మనిషికి నెలకి 3,400 యూరోల దగ్గర చేతికొస్తాయి. మ్యూనిక్‌లో చిన్న ఫ్లాట్ అద్దెకి 1,400, తిండికీ మిగతావాటికీ 800 వేసుకుంటే 1,200 మిగులుతాయి. యూరోకి వంద రూపాయలనుకుంటే లక్షా ఇరవై వేలు. ఇప్పటికంటే 40 వేలు ఎక్కువ. ఏడాదికి రెండు రాకపోకలు, ఇంట్లో సాయంగా ఒక మనిషి, ఇద్దరికీ బీమా ప్రీమియం కలిపితే ఆ 40 వేలు దాదాపు అక్కడికే సరిపోతాయి. డబ్బు కోసమే అయితే వెళ్లనక్కర్లేదు. ఆ పని మీకు నచ్చి, దానివల్ల మీ కెరీర్ మారుతుందనుకుంటేనే వెళ్లండి. అలా అనిపిస్తే, ఇంటి దగ్గర మనిషి దొరికితే, వెళ్లమనే నా సలహా.

చాలామంది చూసుకోని ఒక విషయం ఉంది. అమ్మానాన్నలు ఇప్పుడు మీ కంపెనీ గ్రూపు ఇన్సూరెన్స్‌లో ఉంటే, మీరు రాజీనామా చేసి బయటికొచ్చిన రోజుతో వాళ్ల కవరేజీ కూడా పోతుంది. తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే షుగర్‌కీ గుండెకీ మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది, అప్పుడు ఇన్నాళ్లూ గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి వస్తుంది. ఆరోగ్య పరీక్షలు చేసి ప్రీమియం వాళ్లే నిర్ణయిస్తారు. ఆ దరఖాస్తు ఉద్యోగంలో ఉండగానే పెట్టాలి. నాన్నగారికి 70 నిండగానే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో వాడుకోవచ్చు. అమ్మగారికి అది వర్తించేసరికి ఇంకా ఆరేళ్లుంది, కాబట్టి ఆవిడ పాలసీ మధ్యలో తెగకుండా చూసుకోండి.

ఎప్పుడు తిరిగొచ్చేయాలన్నది కూడా వెళ్లకముందే అక్కతో కూర్చుని రాసుకోండి. అమ్మగారు సాయం లేకుండా మంచం దిగలేని రోజు, నాన్నగారు రెండోసారి ఆస్పత్రిలో చేరిన రోజు, ఇలా మీ ఇద్దరికీ సమ్మతమైనవి. అప్పుడు ఎవరు ఎన్నాళ్లు వచ్చి ఉండాలో కూడా అందులో ఉండాలి. అక్క పెళ్లై వెళ్లిపోయిందని ఆవిణ్ణి ఈ లెక్కలోంచి తీసేయకండి.

పది రోజులుంది కాబట్టి ఇవాళే మీ హెచ్ఆర్‌కి ఇన్సూరెన్స్ గురించి, మ్యూనిక్ కంపెనీకి సెలవుల గురించి మెయిల్ పెట్టండి. ఈ శనివారం భీమవరం వెళ్లి ఆ దగ్గరి మనిషితో, నాన్నగారి గుండె డాక్టరుతో మాట్లాడండి. మనిషి ఇంకా కుదరకపోతే ఆఫర్ వదులుకోకుండా జాయినింగ్ తేదీ రెండు మూడు నెలలు వెనక్కి జరపమని అడగండి. వీసాకి ఎలాగూ సమయం పడుతుంది కాబట్టి ఇలా అడగడం వాళ్లకి కొత్తేమీ కాదు.