డాలర్లు మార్చుకునేటప్పుడు అసలు ఖర్చు ఎక్కడుంది?

మనీ ఛేంజర్ బోర్డు మీద డాలరుకు రెండు ధరలు ఎందుకుంటాయి? కమిషన్ లేదంటున్నారు కదా, మరి వాళ్లకు మిగిలేదేమిటి?

ఆ రెండు ధరలూ దుకాణదారుడి వైపు నుంచి రాసినవి. తక్కువగా ఉన్నది బిడ్: మీ డాలరును ఆయన కొనే ధర. ఎక్కువగా ఉన్నది ఆస్క్: ఆయన మీకు అమ్మే ధర. ఎటు మార్చుకున్నా మీకు దక్కేది మీకు నష్టంగా ఉన్న ధరే.

ఉదాహరణకు బిడ్ 83.50, ఆస్క్ 86.50 రూపాయలు అనుకోండి. వెయ్యి డాలర్లకు మీరు 86,500 చెల్లిస్తారు. ప్రయాణం రద్దై, అదే బోర్డు దగ్గర వెంటనే తిరిగి అమ్మితే చేతికొచ్చేది 83,500. రసీదులో కమిషన్ సున్నా, పోయింది మాత్రం 3,000. ఈ తేడానే స్ప్రెడ్. ఒకవైపు మాత్రమే మార్చుకుంటే ఖర్చు సుమారు అందులో సగం, ఎందుకంటే అసలు మార్కెట్ ధర సాధారణంగా రెండింటికీ మధ్యన, ఇక్కడ 85 దగ్గర, ఉంటుంది.

నోట్లను తెప్పించడం, భద్రపరచడం, ఈలోగా ధర మారే ప్రమాదం, ఆపైన లాభం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. అందుకే ఎక్కువమంది అడగని కరెన్సీలకు స్ప్రెడ్ ఇంకా వెడల్పు. విమానాశ్రయంలోనూ అంతే: అక్కడ మీకు వేరే దారి ఉండదని వాళ్లకు తెలుసు.

కాబట్టి కమిషన్ ఎంతని కాదు, “అన్నీ కలిపి వెయ్యి డాలర్లకు ఎన్ని రూపాయలు?” అని అడగండి. ఆ మొత్తాన్ని ఆ రోజు మార్కెట్ ధరతో పోల్చండి.