క్లాజుల లింకులు తెగకుండా సారాంశం

“బెంగళూరులో ఫ్లాట్ సేల్ అగ్రిమెంట్, 140 పేజీలు. ముక్కలు చేసి AI మోడల్‌తో సారాంశం తీయిస్తుంటే ‘క్లాజ్ 14.3కి లోబడి’ లాంటివి మాయమవుతున్నాయి.”

పేజీల లెక్కన కోయకండి, క్లాజు ముగిసిన చోటే కోయండి. ముందు రిఫరెన్సులు బయటికి తీయండి:

```
grep -noiE 'Clause [0-9]+(\.[0-9]+)*' agreement.txt
```

నిర్వచనాల భాగాన్ని ప్రతి ముక్కకూ జత చేసి, క్లాజు నంబర్లను ‘Clause 14.3’ రూపంలోనే ఉంచమనండి.

అసలు చిక్కంతా కలిపేటప్పుడే. 7.2 ‘ఆలస్యమైతే వడ్డీ ఇస్తాం’ అంటుంది. 14.3 ‘అనుమతుల జాప్యం లెక్కలోకి రాదు’ అంటుంది. విడి సారాంశాలను అతికిస్తే 7.2 షరతుల్లేని హామీలా కనిపిస్తుంది. ఇంటి డబ్బు విషయం కదండీ! ఇలాంటి జతల అసలు పాఠాన్ని పక్కపక్కన పెట్టి, ఆ వాక్యాన్ని మళ్లీ రాయించండి.

తుది సారాంశం మీద అదే కమాండ్ నడపండి. మొదటి జాబితాలో ఉండి ఇక్కడ కనిపించని నంబరుంటే ఆ క్లాజు మీరే చదవండి. ‘పైన చెప్పిన షరతులు’ లాంటివి మాత్రం దీనికి దొరకవు, కంటితోనే వెతకాలి.