పీ80 అంటే 80 శాతం పని కాదు

ప్రశ్న: బీటెక్ సివిల్ చేసి రెండేళ్లుగా సైట్‌లో ప్లానింగ్ ఇంజినీర్‌గా చేస్తున్నాను. ప్రైమవేరాలో షెడ్యూల్ వేయడం వచ్చు. దుబాయ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్టుకి పీ80 తేదీ ఎప్పుడు?" అని అడిగారు. 80 శాతం పని అయ్యే తేదీ అనుకుని చెప్పేశాను. వాళ్లు నవ్వారు. మాంటే కార్లో సాఫ్ట్‌వేర్ కోర్సుకి డబ్బు కట్టమంటారా సార్?

జవాబు: ఇప్పుడే కట్టకండి. ముందు ఒక ఆదివారం ఎక్సెల్ తెరిచి కూర్చోండి.

ఒక చిన్న పంప్‌హౌస్ తీసుకుందాం. పునాది పని ఒక పక్క, పంపు, మోటారు తెప్పించడం ఇంకో పక్క సాగుతున్నాయి. రెండూ అయితేనే బిగింపు మొదలవుతుంది. రెండింటికీ షెడ్యూల్‌లో 90 రోజులు వేశారు. సైట్ వాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగితే "అంతా కలిసొస్తే 80, మామూలుగా 90, వాన పట్టుకుంటే 130" అంటారు. సరఫరాదారు దగ్గరా అవే అంకెలు వచ్చాయనుకోండి. ఆలస్యం వైపు తోక పొడుగ్గా ఉంది చూశారా? సైట్‌లో పని పది రోజులు ముందుగా అవ్వడం అరుదు, నలభై రోజుల దాకా జారడం మామూలే.

ఆ మూడు అంకెలను త్రిభుజాకార పంపిణీగా, అంటే మామూలు అంకె దగ్గర అవకాశం ఎక్కువగా, రెండు కొసలకు పోయేకొద్దీ తగ్గేలా తీసుకుని, ఒక్కో పనికి యాదృచ్ఛికంగా ఒక్కో వ్యవధి తీయాలి. మొదటి వరుసలో ఇవి టైప్ చేయండి:

```
A1: =RAND()
B1: =IF(A1<=0.2,80+SQRT(A1*500),130-SQRT((1-A1)*2000))
C1: =RAND()
D1: =IF(C1<=0.2,80+SQRT(C1*500),130-SQRT((1-C1)*2000))
E1: =MAX(B1,D1)
```

దీన్ని వెయ్యి వరుసలకు లాగండి. ప్రతి వరుసా ఆ ప్రాజెక్టు ఒకసారి జరిగినట్టే. మాంటే కార్లో అంటే ఇదే. E నిలువు వరుస అంకెలను ఇంకో చోట పేస్ట్ వాల్యూస్‌తో అంటించి, చిన్న నుంచి పెద్దకు పేర్చి, ఏ రోజుకు ఎంత శాతం సార్లు పని ముగిసిందో గీస్తే వచ్చేదే ఎస్ కర్వ్.

ఇప్పుడు 90వ రోజు దగ్గర చూడండి. ఒక్క పునాదినే తీసుకుంటే, అది 90 రోజుల్లో అయ్యే అవకాశం 20 శాతమే. రెండూ అయ్యే అవకాశం 0.2 × 0.2, అంటే 4 శాతం! ఏ పనిలోనూ ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా షెడ్యూల్ తేదీ నిలబడే వీలు నూటికి నాలుగు. దారులు కలిసే చోట బాగా ఆలస్యమైన దారే తేదీని తేలుస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. దీన్నే మెర్జ్ బయాస్ అంటారు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం తెచ్చిన పెర్ట్ పద్ధతిలో లోపం ఇక్కడే. తక్కువ, ఎక్కువ అంకెలకు మామూలు అంకెను నాలుగుసార్లు కలిపి ఆరుతో భాగించే ఆ సూత్రంతో ఒక్కో పనికి 95 రోజులు వస్తాయి, కానీ 95వ రోజుకి రెండూ ముగిసే అవకాశం 15 శాతమే.

అదే కర్వ్ మీద సగం సార్లు పని ముగిసే రోజు దాదాపు 106. అది పీ50. వెయ్యిలో 800 సార్లు ఆ రోజుకో అంతకుముందో ముగిస్తే అది పీ80, ఇక్కడ దాదాపు 115. మేనేజరు క్లయింటుకి 90 అని మాటిస్తే కర్వ్ చెప్పేది ఇది: "పీ80 నమ్మకం కావాలంటే ఇంకో 25 రోజులు అడుగు, లేదా పని పద్ధతి మార్చు." ఎంత నమ్మకం చాలన్నది ఆయన నిర్ణయం. గడువు దాటితే రోజుకు పెనాల్టీ ఎంతో కాంట్రాక్టులో చూశాకే అది తేలుతుంది.

కర్వ్ నిటారుగా ఉంటే, అంటే తేదీలన్నీ దగ్గరదగ్గరగా పడితే, సంబరపడకండి. నా మొదటి ఉద్యోగంలో నేను ప్రతి పనికీ ప్లస్ మైనస్ పది శాతం వేసి, గోడలాంటి కర్వ్ గీసి బాస్‌కి చూపించాను. ఆయన మెచ్చుకున్నారు కూడా. ప్రాజెక్టు మాత్రం నా పీ90 తేదీని కూడా దాటిపోయింది. అంత నిటారుగా కనిపిస్తే ముందు పరిధులు అడిగి రాశారా, ఊహించి రాశారా అని చూడాలి. తర్వాత షెడ్యూల్‌లో ఎక్కడైనా తేదీని కన్‌స్ట్రెయింట్‌తో బిగించారేమో, లింకులు తెగిన పనులున్నాయేమో వెతకాలి. అలాంటి చోట ముందు జరగాల్సిన పని జారినా తర్వాతి పని తేదీ కదలదు.

ఇంకో మెలిక ఉంది. వరసగా సాగే మట్టి పని, కాంక్రీటు రెండింటినీ ఒకే వాన ఆపుతుంది. వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా లెక్కిస్తే, ఒకదాని ఆలస్యాన్ని ఇంకొకటి సర్దేసినట్టు కనిపించి కర్వ్ ఇరుకవుతుంది. కాబట్టి కోర్సు వాళ్లకి ఫోన్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ పేరు అడగకండి, పనుల మధ్య కోరిలేషన్ ఎలా పెడతారో నేర్పుతారా అని అడగండి. తడబడితే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.